మూడు భాషల బోర్డు, మధ్యలో నా స్కూటీ

మెల్‌బోర్న్ నుంచి వచ్చినమ్మాయి, మెహదీపట్నం:
అందరికీ నమస్కారం. పుట్టి పెరిగింది అక్కడే, హైదరాబాద్ వచ్చి మూడు వారాలైంది. తెలుగు కూడబలుక్కుని చదువుతాను, ఉర్దూ అసలు రాదు. మొన్న ఒక సందులో బోర్డు మీద ఇంగ్లీషులో ‘పార్కింగ్, 9 ఏఎం టు 9 పీఎం’ అని చూసి స్కూటీ పెట్టాను. గంటలో వచ్చేసరికి చక్రానికి లాక్, చేతికి చలాన్. ఫోటో పెడుతున్నాను. పైన తెలుగు, మధ్యలో ఇంగ్లీషు, కింద ఉర్దూ. మూడూ ఒకటే చెబుతున్నాయా, లేక ఇంగ్లీషు తప్పు రాశారా?

కూకట్‌పల్లి అన్న:
సింపుల్. అంకెలు కలిస్తే విషయం ఒకటే. తెలుగులో 9 నుండి 9, ఇంగ్లీషులోనూ అంతే. అంటే పెట్టొచ్చు. చలాన్ మీద గొడవపడు.

నల్లకుంట ఆంటీ:
బోర్డులతో నాకూ ఇదే బాధ! మా అమ్మాయి మొదటిసారి వచ్చినప్పుడు స్టేషన్ అంతా ‘నాంపల్లి’ అనే పేరు కోసం వెతికింది. అక్కడేమో అన్ని భాషల్లోనూ హైదరాబాద్ దక్కన్ అనే ఉంది. నువ్వు స్టేషన్‌కే వెళ్లావా?

టోలిచౌకి బాబాయ్ (ఇరవై ఏళ్లు బోర్డులు రాసినవాణ్ణి):
ఆమె అడిగింది పేరు గురించి కాదు వదినా. స్టేషన్ బోర్డులో ఒకే పేరును వేరే వేరే లిపుల్లో రాస్తారు, పలికి చూస్తే చాలు. ఇది ఆజ్ఞ. దాంట్లో చూడాల్సింది ‘వద్దు’ అనే మాట ఎక్కడుందో.

తల్లీ, ఫోటో పెద్దది చేసి చూడు. తెలుగు లైను ‘ఉ. 9 నుండి రా. 9 వరకు వాహనములు నిలుప’ దగ్గర ఫోటో అంచుకు తెగిపోయింది. ‘నిలుప’ అని ఏ బోర్డూ ఆగదు. ఆ తర్వాత ‘రాదు’ ఉంటుంది, లేదా ‘వచ్చును’ ఉంటుంది. మన భాషలో కాదనే మాట వాక్యం చివర, అంటే కుడి అంచున వస్తుంది. సరిగ్గా అదే పోయింది.

ఇంగ్లీషులో ‘నో’ మొదట్లో, ఎడమ అంచున వస్తుంది. అక్కడ ఎవరో పోస్టరు అంటించారు. ‘పార్కింగ్’ అన్న మాట బోర్డు మధ్యలో కాకుండా ఒక పక్కకు జరిగినట్టుంది చూశావా? ఎడమ వైపు రెండక్షరాల చోటు పోస్టరు కిందుంది. అంకెలు రెండు లైన్లలోనూ కలిశాయి కానీ, పెట్టమన్నా పెట్టొద్దన్నా అంకెలు అవే ఉంటాయి కదా అన్నా!

ఇక ఉర్దూ కుడి నుంచి ఎడమకు నడుస్తుంది. దాంట్లో వద్దన్న మాట కూడా వాక్యం చివరే, కాబట్టి ఎడమ అంచున ఉంటుంది. నీ అదృష్టం, ఆ లైను చిన్నది, బోర్డు మధ్యలో రాశారు, రెండు కొసలూ ఫోటోలో పడ్డాయి. ‘యహాఁ పార్కింగ్ మనా హై’. నీకు చదవడం రాని లైనే అసలు సంగతి చెప్పింది.

మెల్‌బోర్న్ నుంచి వచ్చినమ్మాయి:
బాబాయ్, ఇవాళ మళ్లీ వెళ్లి, రెండడుగులు వెనక్కి నిలబడి నాలుగు అంచులూ పడేలా తీశాను. తెలుగు చివర ‘రాదు’ ఉంది. పోస్టరు కొస కాస్త ఎత్తితే ‘నో’ కనిపించింది. ఇంకో సందేహం. నిలుపరాదు అంటే రెండు నిమిషాలు ఆపి ఫ్రెండ్‌ని ఎక్కించుకోవడం కూడా కూడదా?

టోలిచౌకి బాబాయ్:
మంచి ప్రశ్న. ‘నిలుపు’ అంటే ఆపడమూ అవుతుంది, పెట్టి వెళ్లిపోవడమూ అవుతుంది. ఆ తేడా మన మాటలో తెలియదు. పైన ఉన్న గుండ్రటి బొమ్మ చూడు. నీలం మీద ఒక్క ఎర్ర గీత ఏటవాలుగా ఉంటే పార్కింగ్ ఒక్కటే వద్దు. రెండు గీతలు కత్తెర వేసినట్టుంటే ఆపడమే వద్దు. నీ కొత్త ఫోటోలో ఒక్క గీతే.

కూకట్‌పల్లి అన్న:
సరే, ఒప్పుకున్నా. కానీ ఉర్దూ లైనులో టైమ్ లేదన్నమాట. మరి రాత్రి పదింటికి పెట్టొచ్చా? రెండు లైన్లు పెట్టొచ్చంటున్నాయి, ఒకటి ఎప్పుడూ వద్దంటోంది.

టోలిచౌకి బాబాయ్:
చోటు చాలక టైమ్ వదిలేసి ఉంటారని నా అనుమానం. ఇలాంటి పని మేమూ చేశాం, దాచేదేముంది. కస్టమర్ ఇచ్చిన కాగితంలో ఉర్దూ లైను పొట్టిగా ఉంటే అలాగే రాసేసేవాళ్లం, పక్క లైనుతో పోల్చి చూసింది తక్కువ. నేనైతే అక్కడ రాత్రి కూడా పెట్టను.

కూకట్‌పల్లి అన్న:
నేను పెడతాను. చలాన్ వస్తే ఆ ఫోటోనే చూపిస్తా.

నల్లకుంట ఆంటీ:
ముందు ఆ పోస్టరు పూర్తిగా పీకెయ్ అమ్మా. రేపు మా అమ్మాయి అటే వస్తుంది.