'సవ్యదిశ' అని రాస్తే R, S తేలుతుందా?

పదాలపోగు: ఇంటర్ పిల్లల కోసం కర్బన రసాయనం పాఠం ఒకటి తెలుగులో రాస్తున్నాను. ఈ వాక్యం దగ్గర ఆగిపోయాను: "ప్రాధాన్య క్రమంలో ఒకటి, రెండు, మూడు సమూహాలు సవ్యదిశలో వస్తే R, అపసవ్యదిశలో వస్తే S." సవ్యం అంటే నిజంగా గడియారం తిరిగే వైపేనా? ఇంకో సందేహం కూడా ఉంది. R ను 'కుడి విన్యాసం', S ను 'ఎడమ విన్యాసం' అనొచ్చా? అంటే మాత్రం L-సిస్టీన్ దగ్గర చిక్కొస్తోంది. L అంటే ఎడమ అని ముందు పేజీలో రాశాను. లెక్క కడితే R వస్తోంది.

అమరకోశి: సంస్కృతంలో సవ్యం అంటే ఎడమ. ఎడమ చేత్తో కూడా బాణం వేయగలడు కనకే అర్జునుడు సవ్యసాచి. జంధ్యం ఎడమ భుజం మీద ఉంటే సవ్యం, తద్దినంలో కుడి భుజం మీదికి మారిస్తే అపసవ్యం. తెలుగులో 'సవ్యంగా' అంటే సరిగ్గా అనే అర్థం స్థిరపడింది, పాఠ్యపుస్తకాల్లోకి గడియారం దిశగా వచ్చింది. రెండర్థాల మాట శాస్త్రంలో వద్దు. 'ప్రదక్షిణ దిశ' అనండి, ఎవరికైనా తెలుస్తుంది.

బెంజీన్ మాష్టారు: ప్రదక్షిణ మంచి మాటే. కానీ గుడి చుట్టూ తిరిగేవాళ్లను పైనుంచి చూస్తేనే అది గడియారం దిశ. నేల కింది నుంచి చూడగలిగితే తిరగబడుతుంది. పదాలపోగు గారి వాక్యంలో లోపం సవ్యదిశ అన్న మాటలో లేదు, ఎటు నుంచి చూడాలో చెప్పకపోవడంలో ఉంది. నాలుగో సమూహం, అంటే అన్నిటికంటే తక్కువ ప్రాధాన్యం ఉన్నది, మనకు దూరంగా ఉండేలా చూసినప్పుడే ఈ నియమం వర్తిస్తుంది. ఆ షరతు లేకపోతే వాక్యం సగం అణువులకు తప్పు.

ఇక కుడి, ఎడమ. దయచేసి R, S లకు ఆ మాటలు పెట్టకండి. మూడు వేరువేరు విషయాలు ఒకే మాట కిందికి వచ్చేస్తాయి. ఒకటి (+), (−): ధ్రువిత కాంతిని ద్రావణం ఎటు తిప్పుతుందో పోలారిమీటర్‌లో చూసి చెప్పేది. రెండోది D, L: గ్లిసరాల్డిహైడ్‌తో పోల్చి పెట్టిన పాత కుటుంబ గుర్తు. మూడోది R, S: కాన్, ఇంగోల్డ్, ప్రిలాగ్ 1956లో ఇచ్చిన నియమాలతో కాగితం మీద కట్టే లెక్క. ఒకటి తెలిస్తే మిగతా రెండూ తెలిసిపోవు. L-సెరీన్‌నే చూడండి. నీళ్లలో కరిగిస్తే కాంతిని ఎడమకు తిప్పుతుంది, హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తే కుడికి. రెండు చోట్లా అది L, రెండు చోట్లా S.

ఫార్మా షిఫ్ట్: మా ప్లాంట్‌లో లెవోసెటిరిజిన్ చేస్తాం. లెవో అంటే ఎడమ కదా, అంటే S అనే ఇన్నాళ్లూ అనుకుంటున్నాను. లెవోఫ్లాక్సాసిన్ కూడా S అనే విన్నాను.

బెంజీన్ మాష్టారు: లెవోఫ్లాక్సాసిన్ S, నిజమే. లెవోసెటిరిజిన్ మాత్రం R. రెండింట్లోనూ 'లెవో' వచ్చింది కాంతి ఎడమకు తిరగడం వల్ల. R, S ఆ పేరులో లేవు, బొమ్మ చూసి కట్టుకోవాల్సిందే. సెటిరిజిన్‌లో కైరల్ కార్బన్‌కి నైట్రోజన్, క్లోరిన్ ఉన్న బెంజీన్ వలయం, క్లోరిన్ లేని వలయం, H ఉంటాయి. క్లోరిన్ ఎక్కడో వలయం అటు చివర ఉంది, లెక్కలోకి రాదనుకుంటారు చాలామంది. రెండు వలయాల్లోనూ మొదటి కార్బన్ నుంచి అడుగడుగునా సరిపోలుస్తూ పోతే ఎదుటి మూలదాకా తేడా రాదు. అక్కడ ఒక దాంట్లో Cl, రెండో దాంట్లో H. ఆ తేడాతోనే క్లోరిన్ వలయానికి రెండో స్థానం, ఉత్త వలయానికి మూడోది.

లెక్కలపిచ్చి: సిస్టీన్ సంగతి తేలనే లేదు. నా లెక్క ఇది. NH2 ఒకటి, H నాలుగు, అందులో గొడవ లేదు. మిగిలినవి COOH, CH2SH. COOH కార్బన్‌కి రెండు బంధాల ఆక్సిజన్‌ని రెండుసార్లు లెక్కేస్తాం కనక మూడు ఆక్సిజన్లు, 8+8+8=24. CH2SH కార్బన్‌కి ఒక సల్ఫర్, రెండు హైడ్రోజన్లు, 16+1+1=18. కాబట్టి COOH పెద్దది. సెరీన్‌లాగే సిస్టీన్ కూడా S అవ్వాలి. పుస్తకంలో R అనడం అచ్చుతప్పేమో చూడండి.

బెంజీన్ మాష్టారు: ఆక్సిజన్‌ని రెండుసార్లు లెక్కేయడం సరిగ్గా చేశారు. కూడడమే తప్పు. పరమాణు సంఖ్యల్ని ఎక్కడా కూడకూడదు. మూడింటినీ పెద్దది ముందు వచ్చేలా రాసి, ఒకదానికి ఎదురుగా ఒకటి పెట్టి, మొదట తేడా వచ్చిన చోట ఆగాలి. ఇలా:

```
CH2SH : (S, H, H)
COOH  : (O, O, O)
```

మొదటి జతలో S, O. పదహారు, ఎనిమిది. అక్కడే తీర్పు అయిపోయింది, వెనక ఉన్నవి చూడం. కనక NH2, CH2SH, COOH, H అన్నది క్రమం. సెరీన్‌లో CH2OH ది (O, H, H). మొదటి జత O, O సమానం. రెండో జతలో O, H, అక్కడ COOH గెలుస్తుంది.

ఇప్పుడు ఫిషర్ బొమ్మ. L-అమైనో ఆమ్లంలో COOH పైన, NH2 ఎడమ, H కుడి, పక్క గొలుసు కింద. సెరీన్‌లో ఎడమ నుంచి పైకి, పై నుంచి కిందికి వెళ్తాం. అది గడియారం దిశ. కానీ H అడ్డగీత మీద ఉంది, ఫిషర్ బొమ్మలో అడ్డగీతలు మనవైపు పొడుచుకొస్తాయి, అందుకని తిరగేస్తే S. సిస్టీన్‌లో ఎడమ నుంచి కిందికి, కింది నుంచి పైకి. అది ఎదురు దిశ, తిరగేస్తే R. రెండు అణువుల్లో సమూహాల అమరిక ఒకటే. ఆక్సిజన్ ఉన్న చోట సల్ఫర్ వచ్చిందంతే. అమరిక మారలేదు, వరుస సంఖ్యలు మారాయి.

పదాలపోగు: అయితే 'విన్యాసం మారింది' అని రాయకూడదన్నమాట.

బెంజీన్ మాష్టారు: సిస్టీన్ విషయంలో రాయకూడదు. గుర్తు మారింది అనండి. చర్యలు రాసేటప్పుడు పిల్లలు పడే గుంట ఇదే. S పోయి R వచ్చింది కనక అమరిక తలకిందులైంది అనేస్తారు. వచ్చి చేరిన సమూహం ప్రాధాన్యం వేరైతే అమరిక అలాగే ఉండి గుర్తు మారొచ్చు, అమరిక తిరగబడి గుర్తు అలాగే ఉండనూవచ్చు.

ఇంటర్ బైపీసీ: సార్, మాక్ టెస్ట్‌లో ఒకటి తప్పుపోయింది. 2-బ్యూటనాల్. H పైకి మామూలు గీత, CH3 ఎడమ కిందికి మామూలు గీత. కుడి కింది వైపు OH వెడ్జ్, C2H5 డాష్. H వెనక లేదు కాబట్టి H, C2H5 మార్చుకున్నాను. నాకు S వచ్చింది, కీలో R ఉంది.

బెంజీన్ మాష్టారు: నీ మార్పిడి సరైనదే తమ్ముడూ, చివరి మెట్టు వదిలేశావు. మార్చాక C2H5 పైన, H వెనక డాష్ మీద. OH కుడి కింద, C2H5 పైన, CH3 ఎడమ కింద. ఒకటి నుంచి రెండుకి, రెండు నుంచి మూడుకి వెళ్తే గడియారానికి ఎదురు, అంటే S. కానీ అది నువ్వు మార్చిన అణువుది. ఒక్క జత మారిస్తే దర్పణ ప్రతిబింబం వస్తుంది. కాబట్టి అసలుది R. కీ సరిగ్గానే ఉంది.

పరీక్షలో టైమ్ తక్కువ కాబట్టి చేతికి ఒక అలవాటు చేసుకో. ముందు బొమ్మ మీదే 1, 2, 3, 4 అంకెలు పెన్సిల్‌తో వేయి, మనసులో పెట్టుకోకు. తరవాత దిశ చూడకముందే 4 ఎక్కడుందో చూడు. డాష్ మీద ఉంటే పక్కన ఏమీ రాయకు. వెడ్జ్ మీద ఉంటే 'తిప్పు' అని ఇప్పుడే రాయి. మామూలు గీత మీద ఉంటే డాష్ మీదున్న దానితో మార్చి, అప్పుడూ 'తిప్పు' అని రాయి. దిశ కనుక్కున్నాక రాద్దామనుకుంటే జవాబు దొరికిన తొందరలో ఆ మాటే మర్చిపోతాం, నీకు జరిగింది అదే.

గీతల బొమ్మలో H ని గీయకపోతే పని ఇంకా సులువు. ఆ కార్బన్ మీద కనిపించే సమూహం వెడ్జ్ అయితే H వెనక ఉన్నట్టు, నేరుగా చదువు. డాష్ అయితే H ముందుంది, తిప్పు.

లెక్కలపిచ్చి: ఫిషర్ బొమ్మని పక్కకు తిప్పి చూస్తే పని తగ్గదా? నేను ఎప్పుడూ H ని కిందికి తెచ్చుకుని చూస్తాను.

బెంజీన్ మాష్టారు: కాగితాన్ని పావు చుట్టు తిప్పితే అడ్డగీతలు నిలువవుతాయి. ముందుకొచ్చినవి వెనక్కి పోయినట్టు చదువుతాం, జవాబు తలకిందులవుతుంది. సగం చుట్టు తిప్పితే పర్వాలేదు. H అడ్డగీత మీద ఉంటే కదపకుండా చదివి తిప్పడమే మేలు.

అమరకోశి: నాదొక చిన్న మాట. లాటిన్‌లో కుడి చేతికి డెక్స్టర్ అనే మాట ఉంది. D ని ఆ పేరుకే తీసేసుకున్నారు కనక R కి రెక్టస్ పెట్టారు, అంటే తిన్ననిది, సరైనది. మన 'సవ్యంగా' లాంటిదే. కాబట్టి సవ్య విన్యాసం అనడంలో నాకు తప్పు కనిపించడం లేదు.

బెంజీన్ మాష్టారు: R సరైనది, S సరికానిది అని పిల్లలు చదువుకుంటారండీ. నేను ఒప్పుకోలేను.

పదాలపోగు: వాక్యం ఇలా మార్చాను: "నాలుగో సమూహం మనకు దూరంగా ఉండేలా చూసినప్పుడు, ఒకటి నుంచి రెండు మీదుగా మూడుకి వెళ్లే దారి గడియారం ముళ్లు తిరిగే వైపు ఉంటే R, ఎదురుగా ఉంటే S." R, S లను అనువదించలేదు. సవ్యదిశ తీసేశాను, కానీ వేరే అధ్యాయాల్లో భ్రమణం పాఠంలో అదే మాట ఉంది, అక్కడా మార్చాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

అమరకోశి: అక్కడ ఉంచండి. భౌతిక శాస్త్రంలో పాతుకుపోయింది.

ఫార్మా షిఫ్ట్: ఒక్క ప్రశ్న. మా బ్యాచ్ పేపర్లలో (R)-(−) అని రెండూ పక్కపక్కన రాస్తారు. R ఉంటే చాలదా?

బెంజీన్ మాష్టారు: R అణువు బొమ్మ గురించి చెబుతుంది. (−) మీ సీసాలో ఉన్న ద్రావణాన్ని పోలారిమీటర్‌లో పెట్టి సరిచూసుకోవడానికి పనికొస్తుంది, అది కూడా ఏ ద్రావణిలో, ఎంత గాఢతలో కొలిచారో రాసి ఉంటేనే. సెరీన్ సంగతి పైన చెప్పాను కదా.