డబ్బు పంపామంటున్నారు, ఖాతాలో పడలేదు: సపోర్టుకి మెయిల్ ఎలా రాయాలి?

గాజువాక నుంచి:
ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్ముతానండి. జనవరి 27 నుంచి ఫిబ్రవరి 2 దాకా డెలివరీ అయిన 23 ఆర్డర్ల డబ్బు, 18,460 రూపాయలు, ఫిబ్రవరి 10న వేసేశామని సెల్లర్ యాప్‌లో Paid అని చూపిస్తోంది. ఇవాళ 19. ఖాతాలో పైసా పడలేదు. మూడు మెయిళ్లు పెడితే మూడుసార్లూ 'రెండు మూడు పనిదినాలు ఆగండి' అనే జవాబే. బొమ్మలు చేసేవాళ్లకి నేను డబ్బు ఇవ్వాలి, టెన్షన్‌గా ఉంది. నేను రాసింది ఇదే: 'సార్, నా పేమెంట్ రాలేదు, చాలా ఇబ్బందిగా ఉంది, వెంటనే వేయండి.' ఇంకేం రాయాలి?

మధురవాడ నుంచి:
మీది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతానా? 2020 ఏప్రిల్‌లో యూనియన్ బ్యాంకులో కలిశాక ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్లు మారాయి. యాప్‌లో ఇంకా ANDB తో మొదలయ్యే కోడే ఉంటే డబ్బు మధ్యలో ఇరుక్కుపోతుంది. బ్యాంకుకే వెళ్లి అడగండి.

గాజువాక నుంచి:
ఆ బ్యాంకు ఖాతానే, కానీ కోడ్ ఎప్పుడో మార్చాను. జనవరిలో వచ్చిన డబ్బు ఇదే ఖాతాలో పడింది.

ఎంవీపీ కాలనీ నుంచి:
కోడ్ చూసుకోమనడం మంచి మాటే, కానీ డబ్బు తొమ్మిది రోజులు మధ్యలో ఇరుక్కోదండి. 2019 డిసెంబర్ నుంచి నెఫ్ట్ సెలవు రోజుల్లో కూడా రాత్రీ పగలూ అరగంటకో బ్యాచ్‌గా నడుస్తోంది, ఖాతాలో వేయలేకపోతే అవతలి బ్యాంకు రెండు గంటల్లో వెనక్కి పంపెయ్యాలి. కాబట్టి ఎక్కువగా జరిగేవి రెండే: అసలు పంపనే లేదు, లేదా వెనక్కి వెళ్లింది కానీ యాప్‌లో Paid అలాగే ఉండిపోయింది. ఏది జరిగిందో తేల్చేది యూటీఆర్, అంటే పంపిన ప్రతి చెల్లింపుకీ బ్యాంకు వేసే గుర్తింపు నంబరు. మీ మెయిల్లో అది అడగలేదు, అందుకే వాళ్లు సిద్ధంగా పెట్టుకున్న జవాబు అంటించి పంపేస్తున్నారు. ఇలా రాయండి:

విషయం: పేఅవుట్ (ఐడీ ఇక్కడ), 18,460 రూపాయలు, ఫిబ్రవరి 10, ఖాతాలో జమ కాలేదు, యూటీఆర్ కావాలి

నా సెల్లర్ ఐడీ ఇది, రిజిస్టర్ అయిన మెయిల్ ఇది. ఖాతా చివరి నాలుగు అంకెలు, ఐఎఫ్‌ఎస్‌సీ ఇవి. జనవరి 27 నుంచి ఫిబ్రవరి 2 వరకు డెలివరీ అయిన 23 ఆర్డర్లకు 18,460 రూపాయలు ఫిబ్రవరి 10న చెల్లించినట్టు యాప్ చూపిస్తోంది. ఫిబ్రవరి 19 వరకు జమ కాలేదు, స్టేట్‌మెంట్ జతచేశాను. ఇదే ఖాతాకు జనవరిలో మీ చెల్లింపు అందింది. ఫలానా తేదీల్లో రాసిన టికెట్ నంబర్లు ఇవి. చెల్లింపు ఏ పద్ధతిలో, ఏ రోజు వెళ్లిందో, యూటీఆర్ ఏమిటో చెప్పండి. వెనక్కి వచ్చి ఉంటే కారణం, మళ్లీ పంపే తేదీ చెప్పండి.

ఇంతే. ఇబ్బంది గురించి ఒక్క వాక్యం చాలు, అదీ చివర్న. స్టేట్‌మెంట్ ఫిబ్రవరి 9 నుంచి ఇవాళ్టి దాకా తీయండి, 10వ తేదీ ఒక్కటే పెడితే 'తర్వాత పడి ఉంటుంది' అంటారు. కొత్త టికెట్ తెరవకుండా పాతదానికే జవాబుగా పంపండి, లేకపోతే కొత్త మనిషి చేతికెళ్లి మళ్లీ మొదటికొస్తుంది. పూర్తి ఖాతా నంబరు, ఓటీపీ మాత్రం ఎవరు అడిగినా మెయిల్లో పెట్టొద్దు.

భీమిలి నుంచి:
నాకూ ఇదే సమస్య అక్కా! ప్రతిసారీ కొంచెం తక్కువే పడుతోంది. టీడీఎస్ అని కోస్తున్నారు, అది కూడా మెయిల్లో అడగమంటారా?

ఎంవీపీ కాలనీ నుంచి:
మీది వేరే సమస్య తమ్ముడూ. 2024 అక్టోబర్ నుంచి ఆ టీడీఎస్ 0.1 శాతమే, పాన్ ఇవ్వకపోతే మాత్రం 5 శాతం. అంతకంటే ఎక్కువ పోతుంటే కమీషనో కొరియరో చూసుకోండి. దీన్నీ దాన్నీ ఒకే మెయిల్లో కలిపితే వాళ్లు తేలికైన ప్రశ్నకు జవాబిచ్చి టికెట్ మూసేస్తారు.

గాజువాక నుంచి (రెండు రోజుల తర్వాత):
మీరు చెప్పినట్టే పంపాను, ఈసారి నంబరు ఇచ్చారు. బ్యాంకులో చూపిస్తే నెఫ్ట్‌లో ఆ నంబరుతో ఏమీ రాలేదన్నారు.

ఎంవీపీ కాలనీ నుంచి:
నంబరు ఎంత పొడుగుంది? నెఫ్ట్‌ది 16 అక్షరాలుంటుంది.

గాజువాక నుంచి:
12 అంకెలే.

ఎంవీపీ కాలనీ నుంచి:
అయితే ఐఎంపీఎస్ అయ్యుంటుంది, నెఫ్ట్‌లో వెతికితే దొరకదు. ఐఎంపీఎస్ అని చెప్పి వెతికించండి. అప్పుడూ లేదంటే ఆ మాట బ్యాంకు నుంచి కాగితం మీద తీసుకుని అదే మెయిల్‌కి జతచేయండి.

మధురవాడ నుంచి:
కాగితం మీద ఇస్తారంటారా? మా శాఖలో నోటిమాటగానే చెప్పి పంపేశారు.

గాజువాక నుంచి:
సోమవారం వెళ్లి అడుగుతాను. ఏమైందో ఇక్కడే రాస్తాను.