బొమ్మ పోయిన డ్రాయింగ్ ప్రశ్న: గీతలు చెప్పాలా, వస్తువు చెప్పాలా?

ఫస్టియర్_మెకానికల్
సైడ్ వ్యూ గీయమని ఇచ్చిన ప్రశ్న ఉన్న పేపర్ పోయింది, ఫ్రెండ్స్ దగ్గర కూడా లేదు. నోట్సులో రాసుకున్నది ఇంతే. ఫ్రంట్ వ్యూ 60 వెడల్పు, 40 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రం, అడుగు నుంచి 15 ఎత్తులో అడ్డంగా ఒక గీత. టాప్ వ్యూ 60 బై 50, ఫ్రంట్ వ్యూ వైపు ఉన్న అంచుకు 20 దూరంలో అడ్డంగా ఒక గీత. రెండూ నిండు గీతలే, చుక్కలవి కావు. అంకెలన్నీ మిల్లీమీటర్లలో, స్కేలు 1:2. దీంతో లెఫ్ట్ సైడ్ వ్యూ గీయొచ్చా? ఎల్ ఆకారం వేసెయ్ అని ఒకడు, ఇది చాలదని ఇంకొకడు. ఎవరిది కరెక్టు?

హాస్టల్_సీనియర్
ఇందులో ఆలోచించడానికి ఏముంది తమ్ముడూ, అది మెట్టు దిమ్మ. పక్క నుంచి చూస్తే ఎల్. నువ్వు మొదటే "మెట్టు ఉన్న దిమ్మ" అని ఒక్క మాట రాసుకుని ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. బొమ్మను మాటల్లో చెప్పాలంటే వస్తువు పేరు చెప్పాలి, గీతలు లెక్కపెడుతూ కూర్చోకూడదు. స్కేలు 1:2 అన్నావు కాబట్టి అంకెలన్నీ సగం చేసి 30, 20, 25 అని రాసేయ్.

రిటైర్డ్_పాలిటెక్నిక్
స్కేలు సంగతి సగమే కరెక్టు. గీసేటప్పుడు సగం చేయాలి, రాసేటప్పుడు కాదు. 60 వెడల్పును కాగితం మీద 30 పొడవు గీత గీసి, దాని మీద 60 అనే వేయాలి. అంకె ఎప్పుడూ వస్తువు అసలు కొలతే. 30 అని వేస్తే దిద్దేవాళ్లు చిన్న దిమ్మ గీశాడనుకుంటారు. ఇక్కడ ఒక సంగతి తేలాలి బాబూ. నీ నోట్సులో ఉన్న 60, 40 బొమ్మ మీద అచ్చయిన అంకెలా, లేక నువ్వు స్కేలు పెట్టి కొలిచినవా? కొలిచినవైతే అసలు కొలతలు 120, 80 అవుతాయి. అది జిరాక్స్ కాపీ అయితే ఆ లెక్కా నమ్మలేం, పేజీకి సరిపెట్టడానికి కుదించి ఉండొచ్చు.

ఇక ఎల్ గురించి. ముందు గోడ 15 ఎత్తు వరకు నిలువుగా లేచి, అక్కడి నుంచి వెనక్కి వాలుగా ఎక్కి 40 ఎత్తుకు చేరే దిమ్మను ఊహించండి. ముందు నుంచి చూస్తే వాలు మొదలైన చోట 15 ఎత్తులో ఒక అంచు కనపడుతుంది. పై నుంచి చూస్తే వాలు ముగిసిన చోట ఒక అంచు కనపడుతుంది. మెట్టుకీ అవే రెండు గీతలు, అవే కొలతలు. కనపడకుండా దాగిన అంచులకు వేసే చుక్కల గీత ఒక్కటీ రాదు, దేనికీ. అంటే ఈ రెండు వ్యూలకూ కనీసం రెండు సమాధానాలు ఉన్నాయి. "మెట్టు" అని రాసుకోమంటున్న సీనియర్ గారు ప్రశ్న రాయమనడం లేదు, తన జవాబు రాయమంటున్నారు.

బాలానగర్_షాపు
మెటీరియల్ ఏంటి, ఎంఎస్సా అల్యూమినియమా? టాలరెన్స్ చెబితే రేటు చెప్తా.

ఫస్టియర్_మెకానికల్
అన్నా, పీసు తయారు చేయడానికి కాదు, ఎగ్జామ్ ప్రశ్న. మాష్టారూ, అంకెలు బొమ్మ మీద అచ్చయినవే, నేను కొలవలేదు.

బాలానగర్_షాపు
అలాగా. సరే, నా అనుభవం చెప్తా, పనికొస్తుందేమో చూడు. బయటి దేశం డ్రాయింగ్ ఒకటి పార్టీ దగ్గర ఉంది, మెయిల్ తెరుచుకోవట్లేదని ఫోన్లో చదివి వినిపించాడు. "ఫ్రంట్ వ్యూకి కుడి పక్కన సైడ్ వ్యూ ఉంది, అందులో గాడి ఉంది" అన్నాడు. మావాళ్లు మన అలవాటైన ఫస్ట్ యాంగిల్ ప్రకారం కుడి పక్కన ఉన్నది ఎడమ నుంచి చూసిన బొమ్మ అనుకుని ఎడమ వైపు గాడి కొట్టారు. అది థర్డ్ యాంగిల్ డ్రాయింగ్, అందులో కుడి పక్కన ఉన్నది కుడి నుంచి చూసిన బొమ్మే. గాడి కుడి వైపు రావాలి. కొలతలన్నీ కరెక్టే, పీసు మాత్రం అద్దంలో చూసినట్టు తిరగబడింది. స్క్రాప్ డబ్బు ఎవరిదని ఇప్పటికీ పంచాయితీ నడుస్తోంది. ఫస్టా థర్డా అన్న ఒక్క మాట అడగకుండా నేనైతే ఇప్పుడు బార్ కూడా కొయ్యను.

రిటైర్డ్_పాలిటెక్నిక్
ఈ కేసు సరిగ్గా ఈ ప్రశ్నకే తగులుతుంది. బాబూ, "ఫ్రంట్ వ్యూ వైపు ఉన్న అంచుకు 20 దూరం" అని రాశావు. ఫస్ట్ యాంగిల్లో టాప్ వ్యూ ఫ్రంట్ వ్యూ కింద ఉంటుంది, కాబట్టి దాని వైపు ఉన్న అంచు వస్తువు వెనక వైపు. థర్డ్ యాంగిల్లో టాప్ వ్యూ పైన ఉంటుంది, అప్పుడు అదే మాటకు వస్తువు ముందు వైపు అని అర్థం. మెట్టే అనుకుందాం. ఫస్ట్ యాంగిల్ అయితే పై దిమ్మ మందం 20, మెట్టు లోతు 30. థర్డ్ అయితే తారుమారు, దిమ్మ 30, మెట్టు 20. రెండూ వేరు వేరు వస్తువులు.

"టాప్ వ్యూలో కాగితం మీద పై అంచు నుంచి 20" అని రాసుంటే ఈ బాధ తప్పేది. ఏ యాంగిల్ అయినా టాప్ వ్యూలో కాగితం కింది అంచే వస్తువు ముందు వైపు. నిజంగా గీసి చూసుకోండి, నమ్మకం కుదరకపోతే. మన సిలబస్‌లో ఎక్కువగా ఫస్ట్ యాంగిలే కాబట్టి అదే అనుకోవచ్చు గానీ, అనుకోవడం వేరు, తెలియడం వేరు.

సివిల్_సైట్_అక్క
నాకు ఈ గీతలు వర్ణించే పద్ధతే నచ్చదు. సైట్లో ఫోన్ మీద కటింగ్ చెప్పాలంటే మేం మూలలు చెప్తాం. ముందు అడుగు మూల సున్నా, సున్నా. అక్కడి నుంచి 15 పైకి, 30 వెనక్కి, 25 పైకి, 20 వెనక్కి, 40 కిందికి, తిరిగి మొదటి మూలకు. పొడవు 60. అయిపోయింది. మెట్టా వాలా అన్న అనుమానమే రాదు, ఎందుకంటే వాలైతే "30 వెనక్కి, 25 పైకి" రెండూ ఒకేసారి అని చెప్పాల్సి వస్తుంది. సీనియర్ చెప్పినదానిలో న్యాయం ఉంది. వస్తువునే చెప్పాలి, కాకపోతే పేరుతో కాదు, కొలతలతో.

రిటైర్డ్_పాలిటెక్నిక్
అమ్మా, అది మీకు వస్తువు తెలిసినప్పటి మాట. ఈ అబ్బాయికి తెలిసింది రెండు వ్యూలే. మీరు చదివిన మూలలే అతను కనిపెట్టాల్సిన సైడ్ వ్యూ. అవి తెలిస్తే ప్రశ్నతో పనేముంది?

హాస్టల్_సీనియర్
మాష్టారూ, మీరు చెప్పిన లెక్కన వాలు బదులు లోపలికి వంగిన వంపు కూడా ఉండొచ్చు కదా, దానికీ అవే గీతలు వస్తాయి. అలా పోతే ఏ ప్రశ్నకూ జవాబు లేనట్టే. ఫస్టియర్ పేపర్లో మెట్టే ఇస్తారు, నేను చూసినంతవరకు.

రిటైర్డ్_పాలిటెక్నిక్
వంపు గురించి మంచి పాయింటే లేవనెత్తారు. లోపలికి గుంటగా వంగితే రెండు చివర్లా అంచులు ఉంటాయి, గీతలూ వస్తాయి. బయటికి ఉబ్బి, నిలువు గోడలోకీ పై తలంలోకీ నున్నగా కలిసిపోతే అంచు ఉండదు, గీత రాదు, కాబట్టి అది పోయింది. గుంట వంపును కూడా ఇక్కడ పక్కన పెట్టొచ్చు. వెనక్కి 30, పైకి 25 పోతోంది కాబట్టి అది పావు వృత్తం కాలేదు. వేరే చాపం గీయాలంటే వ్యాసార్థం చెప్పి తీరాలి, అబ్బాయి రాసుకున్నదాంట్లో అది లేదు. వాలుకు అదనపు కొలత అక్కర్లేదు, రెండు అంచులు కలిపితే చాలు. అందుకే మెట్టు, వాలు రెండే మిగిలాయి.

బాబూ, ఆ బొమ్మలో ఇంకేమైనా ఉందా? రంధ్రం, చుక్కల గీత, సెంటర్ లైన్ లాంటివి? అవసరం లేదని వదిలేశావేమో.

ఫస్టియర్_మెకానికల్
ఉంది మాష్టారూ! సైడ్ వ్యూకి పని లేదనుకుని రాయలేదు. టాప్ వ్యూలో పెద్ద గడి మధ్యలో 10 వ్యాసంతో నిండు గీత సున్నా ఉంది. ఫ్రంట్ వ్యూలో అడుగు నుంచి 15 ఎత్తు గీత దాకా రెండు నిలువు చుక్కల గీతలు. పైన ఇంకేం లేదు, ఖాళీగానే ఉంది.

రిటైర్డ్_పాలిటెక్నిక్
అసలు సమాచారం ఇదే. రంధ్రం అడుగు నుంచి 15 ఎత్తుకు వచ్చి ఆగింది. అక్కడ ఆగిందంటే అక్కడ పదార్థం అయిపోయింది, అంటే 15 ఎత్తులో ఒక సమతలం ఉంది. అదే మెట్టు. వాలైతే రంధ్రం వాలు తలం మీద తెరుచుకుంటుంది, ముందు నుంచి చూస్తే 15కి, 40కి మధ్య ఖాళీలో ఒక దీర్ఘవృత్తం నిండు గీతతో కనపడాలి. రంధ్రం గడి మధ్యలో ఉందన్నావు కాబట్టి దాని కేంద్రం 27.5 ఎత్తులో, అడ్డంగా 10, నిలువుగా సుమారు 8.3. అక్కడ ఖాళీ అంటున్నావు.

యాంగిల్ కూడా దీంతోనే తేలుతుంది. సున్నా పెద్ద గడిలో ఉంది, అంటే 30 లోతు గడి మెట్టు. నీ మాట ప్రకారం ఆ గడి ఫ్రంట్ వ్యూకి దూరంగా ఉంది. మెట్టు వస్తువు ముందు వైపు ఉండాలి, లేకపోతే ఫ్రంట్ వ్యూలో 15 ఎత్తు గీత చుక్కల గీత అయ్యేది. ముందు వైపు ఫ్రంట్ వ్యూకి దూరంగా ఉండేది ఫస్ట్ యాంగిల్లోనే. థర్డ్ అయితే ఆ పెద్ద గడి పై దిమ్మ అయ్యేది, చుక్కల గీతలు 40 వరకు పోయి ఉండేవి.

ఇక గీయి. లెఫ్ట్ సైడ్ వ్యూ ఫ్రంట్ వ్యూకి కుడి పక్కన వస్తుంది. ఎత్తైన భాగం ఫ్రంట్ వ్యూ వైపు, వెడల్పు 20, ఎత్తు 40. మెట్టు కుడి చివరన, పొడవు 30, ఎత్తు 15. కుడి చివర నుంచి 10 దగ్గర ఒకటి, 20 దగ్గర ఒకటి చుక్కల గీతలు, అడుగు నుంచి మెట్టు పైదాకా, మధ్యలో సెంటర్ లైన్. గీసేటప్పుడు అన్నీ సగం, అంకెలు మాత్రం ఇవే.

బాలానగర్_షాపు
రంధ్రం లేకపోతే ఏం చేసేవారు మాష్టారూ?

రిటైర్డ్_పాలిటెక్నిక్
సైడ్ వ్యూ రెండు రకాలుగా గీసి, రెండూ సరిపోతాయని కింద రాయమనేవాణ్ని.

హాస్టల్_సీనియర్
చివరికి ఎల్ అనే కదా వచ్చింది. మొదటే చెప్పాను.

సివిల్_సైట్_అక్క
వచ్చింది సరే, సున్నా పెద్ద గడిలో ఉందని ఇతని జ్ఞాపకం. చిన్న గడిలో ఉండి ఉంటే థర్డ్ యాంగిల్ అయ్యేది, మెట్టు 20 అయ్యేది. ఒక్క జ్ఞాపకం మీద వస్తువు మొత్తం నిలబడింది. గీతలతో చెప్పే పద్ధతిలో నాకు భయం ఇదే మాష్టారూ, ఒక్క మాట తప్పితే ఇంకో వస్తువు వచ్చి కూర్చుంటుంది, అది తప్పని కూడా తెలియదు.

రిటైర్డ్_పాలిటెక్నిక్
మీ మూలల పద్ధతిలో 30, 20 తారుమారుగా చదివితే మాత్రం తెలుస్తుందా అమ్మా? రెండూ కలిపితే 50, మొత్తం లోతు సరిపోతూనే ఉంటుంది.

ఫస్టియర్_మెకానికల్
గడి పెద్దదే మాష్టారూ, ఆ సున్నా చుట్టూ బోలెడు ఖాళీ ఉండటం గుర్తుంది. ఫస్ట్ యాంగిల్ అనుకునే గీస్తున్నా. కింద "ఫస్ట్ యాంగిల్ అనుకున్నాను" అని రాయమంటారా, వద్దా? మా సార్‌కి అలా రాస్తే చిరాకు.

హాస్టల్_సీనియర్
రాయకు.

బాలానగర్_షాపు
రాయి.