సెక్యూరిటీ చేతికిచ్చిన పార్సిల్ మాయమైతే ఎవరి నెత్తిన?

మియాపూర్ 403
పోయిన గురువారం మధ్యాహ్నం ఆఫీసులో ఉండగా డెలివరీ అబ్బాయి ఫోన్ చేశాడు. "సెక్యూరిటీకి ఇచ్చెయ్ తమ్ముడూ" అన్నాను, ఓటీపీ అడిగితే చెప్పాను. లోపల 18,499 రూపాయల ఫోన్. రాత్రి తొమ్మిదికి ఇంటికొస్తే డే గార్డు డ్యూటీ దిగి వెళ్లిపోయాడు. ఫోన్ చేస్తే టేబుల్ కింద పెట్టానంటాడు. నైట్ గార్డేమో తనకేమీ అప్పజెప్పలేదంటాడు. అమ్మినవాళ్లు "డెలివరీ అయిపోయింది" అంటున్నారు. డబ్బులు ఎవర్ని అడగాలి?

బాగ్‌లింగంపల్లి బాబాయ్
ఇందులో చర్చేముంది? సరుకు కొన్నవాడి చేతిలో పడేదాకా పూచీ అమ్మినవాడిదే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ కొట్టి కంప్లైంట్ రాయించు. వాళ్లే దిగొస్తారు.

హబ్‌లో ఆరేళ్లు
బాబాయ్ గారూ, సగం కరెక్టు. నేను కొరియర్ హబ్‌లో పనిచేశాను కాబట్టి ఇలాంటి ఫిర్యాదు వస్తే వాళ్లు లోపల ఏం చూస్తారో చెబుతాను. డెలివరీ కొట్టిన టైము, ఆ క్షణాన అబ్బాయి ఫోన్ ఏ లొకేషన్లో ఉంది, ఓటీపీ పడిందా, కస్టమర్‌కి కాల్ వెళ్లిందా. అబ్బాయి తనంతట తానే గార్డుకిచ్చి వెళ్లిపోయి ఉంటే కంపెనీ దగ్గర జవాబు ఉండదు. ఎందుకంటే ఆ గార్డుని ఎంచుకున్నది కస్టమర్ కాదు. ఇక్కడ మాత్రం ఎంచుకున్నది మన 403 గారే. నోటితో చెప్పారు, ఓటీపీ కూడా ఇచ్చారు. అంటే గార్డు మీ తరఫున తీసుకున్నట్టే. డెలివరీ అక్కడితో పూర్తయింది.

ఇంకో మాట. "నేను అలా చెప్పలేదు" అని మాత్రం ఇప్పుడు రాయకండి. ఆ కాల్స్ మామూలుగా కంపెనీ నంబరు మీదుగా కలుస్తాయి, చాలాచోట్ల రికార్డవుతాయి. ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ పోతాయి.

తార్నాక తాయారు
మాకూ ఇలాగే అయింది. పక్కింటావిడకి ఇచ్చేశాడట! మేమెవరికీ చెప్పలేదు, ఓటీపీ కూడా అడగలేదు. డెలివరీ ఫొటో పంపమంటే పంపారు. చూస్తే తలుపు నీలం రంగు. మాది గోధుమ రంగు. ఇంకేముంది, రెండు వారాల్లో డబ్బు వెనక్కొచ్చింది. మీరూ ఫొటో అడగండి, వచ్చేస్తుంది.

హబ్‌లో ఆరేళ్లు
అమ్మా, మీది దీనికి సరిగ్గా తిరగేసిన కేసు. పక్కింటావిడని ఎంచుకున్నది కొరియర్, అందుకే డబ్బు వాళ్ల జేబులోంచి వచ్చింది. 403కి ఫొటో వచ్చినా అందులో గార్డు పెట్టె పట్టుకునే ఉంటాడు. అది కంపెనీకే పనికొస్తుంది.

మాజీ సెక్రెటరీ, 86 ఫ్లాట్లు
అన్నా, నేను రెండేండ్లు సెక్రెటరీగా జేసిన. రోజుకు నలభై, యాభై పార్సిళ్లొస్తయి. గేటు తీయాలె, బండ్లు జూడాలె, మోటార్ వేయాలె, మధ్యల ఈ డబ్బాలు గూడ. గార్డు గేటు కాడ ఉండెటోడు, గోదాం నడిపెటోడు గాదు. మేమైతే నోటీసు బోర్డు మీదనే రాసినం: పార్సిళ్లకు అసోసియేషన్ బాధ్యత లేదు అని. పైసా తీసుకోకుండ ఉంచుతుంటే మళ్ల పూచీ ఎక్కడిది?

నాంపల్లి నల్లకోటు
సెక్రెటరీ గారూ, ఈ "పైసా తీసుకోలేదు కాబట్టి పూచీ లేదు" అన్నది అందరూ అనుకునేదే, కానీ మన చట్టంలో అలా లేదు. 1872 కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ ప్రకారం, ఒకరి వస్తువుని దగ్గర పెట్టుకున్నవాడు అలాంటి సొంత వస్తువుని మామూలు బుద్ధిమంతుడు ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త తీసుకోవాలి. కిరాయి తీసుకున్నా, ఊరికే ఉంచినా లెక్క ఒక్కటే. ఆ జాగ్రత్త తీసుకున్నాక కూడా పోతే 152 ప్రకారం అతని తప్పు లేదు. గది తాళం పగలగొట్టి ఎత్తుకుపోయారనుకోండి, గార్డుని ఏమీ అనలేం. టేబుల్ కింద పెట్టి, తర్వాతి షిఫ్టుకి చెప్పకుండా వెళ్లడం వేరు.

అసలు చిక్కు గార్డు దగ్గర లేదు, అతని వెనక ఎవరున్నారన్న దాంట్లో ఉంది. పార్సిళ్లకి రిజిస్టరు పెట్టి, ర్యాకు పెట్టి, గేటు యాప్‌లో "గేటు దగ్గర ఉంచు" అన్న బటన్ వాడుకోనిస్తూ ఉంటే, "అది గార్డు సొంత మర్యాద" అనడం అసోసియేషన్‌కి కష్టం. అవేవీ లేకుండా గార్డు ఏదో మొహమాటానికి ఉంచితే అసోసియేషన్‌ని పట్టుకోవడం కష్టం. బోర్డు మీద రాత కొంత పనికొస్తుంది. అయితే ఒక చేత్తో రిజిస్టరు నడుపుతూ ఇంకో చేత్తో బోర్డు చూపిస్తే ఎంతవరకు నిలుస్తుందో నేను ఒట్టేసి చెప్పలేను.

403 గారూ, మీ దగ్గర రిజిస్టరు ఉందా?

మియాపూర్ 403
ఉంది సార్. ఇవాళే చూశాను. డే గార్డు చేతిరాతతో "403 – 1 బాక్స్, 2.10" అని ఉంది. తీసుకున్నవాళ్ల సంతకం గడి ఖాళీ. కెమెరా గేటు వైపే ఉంది, టేబుల్ కనబడదు.

నాంపల్లి నల్లకోటు
ఆ ఖాళీ గడే మీ కాగితం. పెట్టె లోపలికి వచ్చిందని, ఎవరూ తీసుకోలేదని వాళ్ల పుస్తకమే చెబుతోంది. ఆ పేజీ ఫొటో తీసి పెట్టుకోండి. అసోసియేషన్‌కి, సెక్యూరిటీ ఏజెన్సీకి ఒకే ఉత్తరం రాసి ఇవ్వండి. అమ్మినవాళ్ల మీద వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, 5 లక్షల లోపు కేసుకి ఫీజు కూడా లేదు. కానీ మీరిచ్చిన ఓటీపీతో అది బలహీనం, నేనైతే వెళ్లమనను.

హబ్‌లో ఆరేళ్లు
టేబుల్ కనబడకపోయినా గేటు ఫుటేజీ వదలొద్దు. రెండు పది నుంచి తొమ్మిది దాకా చేతిలో డబ్బాతో బయటికెళ్లినవాళ్లు కనబడతారు. డిస్కు నిండితే పాతది చెరిగిపోతుంది, చిన్న అపార్ట్‌మెంట్లలో పది, పదిహేను రోజులే ఉంటుంది. గురువారం నుంచి లెక్కపెట్టుకుని ఇవాళే ఉత్తరంలో అడగండి.

పోయింది ఫోను కాబట్టి ఇంకో దారి కూడా ఉంది. ఐఎంఈఐ నంబరు బిల్లు మీద ఉంటుంది, లేకపోతే అమ్మినవాళ్లని అడగండి. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి, ఆ కాపీతో sancharsaathi.gov.in లో బ్లాక్ పెట్టండి. ఎవరైనా అందులో సిమ్ వేస్తే పోలీసులకి జాడ తెలుస్తుంది. చీరో, మిక్సీయో పోతే ఈ సదుపాయం లేదు.

బాగ్‌లింగంపల్లి బాబాయ్
ఇంత తంతు ఎందుకండీ, డే గార్డు జీతంలో కోసెయ్యమనండి. పారేసింది వాడేగా.

మాజీ సెక్రెటరీ, 86 ఫ్లాట్లు
బాబాయ్, పన్నెండు గంటల డ్యూటీ జేసెటోని జీతం మీ ఫోను కన్నా తక్కువుంటది. గట్ల ఎట్ల గోస్తం?

నాంపల్లి నల్లకోటు
అప్పజెప్పిన వస్తువు అతని అశ్రద్ధ వల్లే పోతే కోత పెట్టొచ్చు. కానీ ముందు అతని సంజాయిషీ తీసుకోవాలి, చట్టంలోనే ఉంది. పైగా కోయాల్సింది అతని ఏజెన్సీ, అసోసియేషన్ కాదు. తాళం వేసే గదే ఇవ్వకుండా అశ్రద్ధ అంతా అతనిదే అంటే నాకు ఒప్పదు.

మియాపూర్ 403
ఏజెన్సీ వాళ్లు సగం ఇస్తామంటున్నారు, అసోసియేషన్ మీటింగు ఆదివారమట. డే గార్డు ఇవాళ నన్ను చూసి లేచి నిలబడ్డాడు, ఏమీ అనలేకపోయాను. ఐఎంఈఐ దొరికింది, స్టేషన్‌కి బయల్దేరుతున్నా.

మాజీ సెక్రెటరీ, 86 ఫ్లాట్లు
తమ్మీ, ఆ సగం తీసుకునే ముందు "మిగతాది వదులుకున్న" అని ఏడన్న రాయించుకుంటున్నరేమో జూడు. ఫోన్ దొరికితే ఆ సగం ఎవరికి వాపసు అనేది గూడ ఇప్పుడే అడుగు.