“జీతం వివరాలు తెలియజేయగలరు” – ఈ ‘గలరు’ ఏ గలరు?

గోదారిగట్టు: హైదరాబాద్ కన్సల్టెన్సీల నుంచి వాట్సాప్‌లో తెలుగులోనే ఉద్యోగాల కబుర్లు వస్తున్నాయి. జవాబులకు నాలుగు నమూనాలు రాసిపెట్టుకున్నాను: వద్దనేది, వివరాలడిగేది, సరేననేది, తర్వాత చూద్దామనేది. రెండోదాని చివర “తెలియజేయగలరు” అని పెట్టాను. చదివితే నోటీసుబోర్డులా ఉంది. పాత శుభలేఖల్లో ఈ గలరు వెనక ఏదో తోక ఉండేది. నోట్లో ఆడుతోంది, బయటికి రావడం లేదు.

సీసమాలిక: “విచ్చేయగలరని ప్రార్థన”. తోక ఉన్నప్పుడు వేడికోలు, ఊడిపోయాక సర్క్యులర్.

మెట్టవేదాంతం: తోకా కాదు, ఏమీ కాదు. ఇంగ్లీషు ‘కుడ్ యూ’ని ఎవరో గుమాస్తా తెలుగు చేశాడు.

సీసమాలిక: మరి “మంత్రిగారు జెండా ఎగురవేయగలరు” అని ఆహ్వానాల్లో వేస్తారే, అక్కడ ‘కుడ్ యూ’ ఎక్కడుంది? మంత్రిగారికి ఆ సత్తువ ఉందని చెప్పడమూ కాదు. అక్కడ అది ఉత్త భవిష్యత్తు.

కిటికీపక్కసీటు: ఎంపిక కాలేదని అభ్యర్థులకు చెప్పే మెసేజా అడుగుతున్నారు? మేం “ప్రొఫైల్ హోల్డ్‌లో ఉంది” అని పంపుతాం.

గోదారిగట్టు: తిరగేశారండీ. మీలాంటివారికి నేను పంపే జవాబు.

కిటికీపక్కసీటు: ఓ, అలాగా. అయితే గలరుతో మాకు పేచీ లేదు. మా షీట్‌లో ఇప్పటి జీతం, అడిగే జీతం, నోటీస్ పీరియడ్, ఊరు అని గడులుంటాయి. మీరు నోటీసు, ఊరు చెప్పి జీతం రేంజ్ అడిగితే మాటకు మాట కుదురుతుంది. ఏమీ చెప్పకుండా “వివరాలు” అంటే మేమూ “రెజ్యూమె పంపండి” అనే నమూనానే తిరిగి పంపుతాం.

చుక్కాని: అసలు చిక్కు గలరులో లేదు, నమూనాలో పేరు కోసం వదిలే ఖాళీ పక్కనున్న విభక్తిలో ఉంది. “###కు” అని రాసిపెట్టుకుంటే సంధ్యకు సరిపోతుంది, రవి దగ్గరికొచ్చేసరికి “రవికు” అవుతుంది. మనిషి రాయలేదని అక్కడే తెలిసిపోతుంది. అదే “### గారికి” అనండి. విభక్తి భారం గారు మోస్తుంది కాబట్టి ఏ పేరైనా ఇముడుతుంది. కంపెనీ పేరుకూ అంతే, “###లో” బదులు “### కంపెనీలో”.

మెట్టవేదాంతం: మా వైపు “సంధ్యకి” అనే అంటాం.

చుక్కాని: అనండి, తప్పేం లేదు. “రవికు” మాత్రం ఏ వైపూ అనరు. ఇంకొకటి, మొదటి వాక్యం నమూనాలో దాచుకోవద్దు. అక్కడ ### మాత్రమే ఉంచండి. ఆ వాక్యం వాళ్ల మెసేజ్‌లోని ఒక ముక్క పట్టుకుని అప్పటికప్పుడు రాయాలి. ఎకౌంటెంట్ ఉద్యోగమనుకుందాం:

“సంధ్య గారూ, ప్రతి నెలా జీఎస్టీ రిటర్నులు కూడా చూడాలని రాశారు, ఇప్పుడు నేను చేస్తున్నదీ అదే. జీతం ఎంత నుంచి ఎంతవరకు, ఆఫీసు ఏ ఏరియాలో, ఈ రెండూ చెబితే రేపు సాయంత్రం 6 తర్వాత మాట్లాడదాం. నాది 60 రోజుల నోటీసు, ఉండేది కూకట్‌పల్లి.”

ఇందులో “జీతం” నుంచి “మాట్లాడదాం” దాకా నమూనా. రోజు, వేళ మాత్రం మారుతుంటాయి. నోటీసు, ఊరు ఎప్పుడూ ఉండేవే. కొత్తగా రాసింది మొదటి వాక్యం ఒక్కటే. ఖాళీ గుర్తుకు బ్రాకెట్లు వాడితే కన్ను జారిపోతుంది, ### అయితే గుచ్చుకుంటుంది.

సీసమాలిక: “గారూ”లో దీర్ఘం ఉంచినందుకు సంతోషం. సంబోధనలో “గారు,” అని హ్రస్వంతో ఆపితే రికార్డెడ్ వాయిస్‌లా ఉంటుంది.

కిటికీపక్కసీటు: వద్దనే జవాబుకు మాత్రం రెండు రూపాలుండాలి. ఆరు నెలల తర్వాత అదే నంబర్ నుంచి మళ్లీ అడుగుతాం. పైకి జరిపితే అవే మాటలు కనిపిస్తాయి. “తర్వాత చూద్దాం” అన్నా “ఏప్రిల్ మొదటి వారంలో” అనాలి. తేదీ లేకపోతే దాన్నీ వద్దనడం కిందే రాసుకుంటాం.

మెట్టవేదాంతం: రిక్రూటర్ మెసేజ్ అంటే సంజయ రాయబారమే! తియ్యటి మాటలన్నీ ఉంటాయి, ఇచ్చేదేమిటో ఉండదు. ధర్మరాజు మాత్రం ఐదూళ్లని లెక్క కట్టి చెప్పాడు. పర్వం పేరు కూడా ఉద్యోగపర్వమే కదా!

సీసమాలిక: ఆ ఉద్యోగం వేరు, యుద్ధ ప్రయత్నం. ఆ ఐదూళ్లూ కనీసానికి కనీసం. మొదటి జవాబులోనే అంత కిందికి దిగమంటారా?

గోదారిగట్టు: సరే, “చెబితే మాట్లాడదాం” అని మార్చేశాను. గలరు సంగతి తేలలేదు. తిక్కనలో ‘గలరు’ వేడికోలుగా ఎక్కడైనా ఉందా?

సీసమాలిక: ఉద్యోగపర్వం తీశాను. రాయబారాల దాకా రానివ్వండి.

మెట్టవేదాంతం: దొరికితే తెలియజేయగలరు.