అప్‌డేట్: ప్రిలిమ్స్‌కి నెల రోజుల రివిజన్

నేనడిగింది: "గుణుపురంలో ఒక వకీలు గారి దగ్గర జూనియర్‌ని. పగలంతా కోర్టులోనే. ఒడిశా జ్యుడీషియల్ ప్రిలిమ్స్‌కి ముప్పై రోజులే ఉంది. రివిజన్ ఎలా?"

సలహాలిచ్చిన అందరికీ ధన్యవాదాలు. మొదటి ఇరవై రోజులు పెద్ద చట్టాలకు, చివరి పది చిన్నవాటికి పెట్టుకున్నాను. పొద్దున్నే బేర్ యాక్ట్, రాత్రి అదే అధ్యాయంపై పాత ప్రశ్నలు. ఇది బాగా కుదిరింది.

టెన్షన్ పెట్టింది లిమిటేషన్ చట్టమే. పట్టిక బట్టీపట్టడం మానేసి తేదీలు వేసి లెక్క కట్టడం మొదలుపెట్టాకే అది పట్టుబడింది. 2022 జూన్ 10న చేబదులు ఇచ్చారనుకోండి. ఆర్టికల్ 19 ప్రకారం ఇచ్చిన రోజు నుంచి మూడేళ్లు, అంటే దావా వేయడానికి 2025 జూన్ 10 వరకు గడువు. సెక్షన్ 12 ప్రకారం ఇచ్చిన రోజు లెక్కలోకి రాదు. 2025 మార్చి 5న బాకీదారు అప్పు ఉందని రాసి సంతకం పెడితే, సెక్షన్ 18 కింద గడువు ఆ రోజు నుంచి మళ్లీ మొదలై 2028 మార్చి 5 దాకా సాగుతుంది.

అదే కాగితం 2025 జులైలో రాస్తే? గడువు దాటిపోయింది కాబట్టి సెక్షన్ 18 పనికిరాదు. కానీ "చెల్లిస్తాను" అని రాతపూర్వకంగా మాటిచ్చి సంతకం చేస్తే కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 25(3) కింద అది చెల్లుతుంది. ఒప్పుకోవడం వేరు, మాటివ్వడం వేరు. ఆప్షన్లలో ఈ రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి, అక్కడే మార్కు పోతుంది. అందుకే ఈ రెండు చట్టాలనూ ఒకే రోజు చదువుతున్నాను.