ప్రైవేటు ప్లాంటులో చేసిన ఉద్యోగాన్ని పీఎస్‌యూ స్క్రూటినీకి నిలిచేలా రాయడం ఎలా?

ముత్తుకూరు మెకానికల్

అందరికీ నమస్కారం. నేను ముత్తుకూరు దగ్గర ఒక ప్రైవేటు థర్మల్ ప్లాంటులో బాయిలర్ మెయింటెనెన్స్ విభాగంలో పనిచేస్తున్నాను. ఒక కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అనుభవజ్ఞులైన ఇంజనీర్ల కోసం ఇచ్చిన ప్రకటనకు దరఖాస్తు చేస్తే, ఇంటర్వ్యూ దాకా రానివ్వకుండా స్క్రూటినీలోనే తిరస్కరించారు. నిర్ణీత అనుభవం రుజువు కాలేదని ఒక్క ముక్క రాశారు. వాళ్ళు అడిగింది 31-08-2024 నాటికి, డిగ్రీ పూర్తయిన తర్వాత, థర్మల్ ప్లాంటు నిర్వహణలో ఏడేళ్ళ అనుభవం. నా రెజ్యూమే మొదటి పంక్తిలోనే ఎనిమిదేళ్ళకు పైగా అనుభవం ఉందని రాసుకున్నాను. ఇదే రెజ్యూమే చూసి రెండు ప్రైవేటు కంపెనీలు వెంటనే పిలిచాయి. లోపం ఎక్కడుందో చెప్పగలరా?

కావలి నుంచి

అక్కడ రెజ్యూమేను ఎవరూ చదవరండీ. ఆన్‌లైన్ దరఖాస్తులో నింపిన గడులే లెక్కలోకి వస్తాయి. మీరు రెజ్యూమే మీద సమయం పెట్టకుండా గడులు సరిగా నింపండి, చాలు.

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

కావలి వారి మాటలో సగం నిజం ఉంది. నేను ఒక ప్రభుత్వ రంగ సంస్థ పర్సనల్ విభాగంలో చాలా ఏళ్ళు స్క్రూటినీ చేశాను. మొదట చూసేది దరఖాస్తు గడులనే. అయితే ఆ గడిలో ఉన్న తేదీకి, రెజ్యూమేలో ఉన్న తేదీకి, జతచేసిన కాగితంలో ఉన్న తేదీకి తేడా కనిపిస్తే ఆ దరఖాస్తు పక్కకు పోతుంది. ప్రైవేటు కంపెనీలో రెజ్యూమే చదివేవారు ఈ మనిషి మనకు పనికొస్తాడా అని చూస్తారు. మా బల్ల మీద మాత్రం ప్రకటనలోని ఒక్కొక్క షరతుకు ఎదురుగా ఏ కాగితం ఉందో చూసి టిక్కు పెట్టేవాళ్ళం. మీరు మంచి ఇంజనీరో కాదో తేల్చేది ఆ తర్వాత ఇంటర్వ్యూలో కూర్చునే బోర్డు.

మీరు పనిచేసిన కాలాన్ని రోజులతో సహా, ఎవరి జీతం మీద పనిచేశారో దాంతో సహా ఇక్కడ రాయండి. ఎనిమిదేళ్ళు అనే మాట ఎలా వచ్చిందో చూద్దాం.

ముత్తుకూరు మెకానికల్

బీటెక్ ఫలితాలు 2016 జూన్‌లో వచ్చాయి. 01-08-2016 నుంచి 31-07-2017 వరకు గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీని. 01-08-2017 నుంచి 15-03-2019 వరకు అక్కడే ఇంజనీరుగా చేశాను. ఈ రెండూ ఒక మెయింటెనెన్స్ కాంట్రాక్టరు జీతం మీద చేసినవే అయినా, పని మొత్తం ఇంకొక ప్లాంటులో కాబట్టి రెజ్యూమేలో ఆ ప్లాంటు పేరే రాశాను. 10-06-2019 నుంచి ఇప్పటి సంస్థలో ఉన్నాను.

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

లెక్క చూడండి. ట్రైనీగా ఒక ఏడాది. ఇంజనీరుగా 1 ఏడాది 7 నెలల 15 రోజులు. ఇప్పటి సంస్థలో కటాఫ్ తేదీ నాటికి 5 ఏళ్ళ 2 నెలల 22 రోజులు. అన్నీ కలిపితే 7 ఏళ్ళ 10 నెలల 7 రోజులు. అంటే ఎనిమిదేళ్ళకు పైగా అన్న మీ మొదటి పంక్తే తప్పు. మార్చి నుంచి జూన్ దాకా ఖాళీగా ఉన్న దాదాపు మూడు నెలలను మీరు తెలియకుండానే కలిపేసుకున్నారు. ఇక ట్రైనీ ఏడాదిని తీసేస్తే మిగిలేది 6 ఏళ్ళ 10 నెలల 7 రోజులే. ఏడేళ్ళకు రెండు నెలలు కూడా తక్కువ లేదు, కానీ తక్కువే.

కాబట్టి మీ అర్హత అంతా ఆ ఒక్క ఏడాది మీద ఆధారపడి ఉంది. ట్రైనీ కాలాన్ని లెక్కించబోమని కొన్ని ప్రకటనలు స్పష్టంగా రాస్తాయి, కొన్ని ఏమీ రాయవు. అప్రెంటిస్‌షిప్‌ను మాత్రం సాధారణంగా లెక్కించరు. మీ నియామక పత్రంలో ఏ మాట ఉందో చూసుకోండి.

రెండో విషయం ఇంకా ముఖ్యమైనది. మీ రెజ్యూమేలో ప్లాంటు పేరు ఉంది, మీ పీఎఫ్ సర్వీస్ హిస్టరీలో కాంట్రాక్టరు పేరు ఉంటుంది. చూసేవారికి అది లేని ఉద్యోగాన్ని రాసుకున్నట్టే కనిపిస్తుంది. తప్పుడు వివరం అని తేలితే ఉద్యోగంలో చేరిన తర్వాత కూడా తొలగించవచ్చన్న షరతు ఈ ప్రకటనల్లో ఉంటుంది. యజమాని అన్నచోట కాంట్రాక్టరు పేరు, పనిచేసిన స్థలం అన్నచోట ప్లాంటు పేరు, రెండూ విడివిడిగా రాయండి.

సింగరాయకొండ సుజాత

నాకు కూడా సర్టిఫికెట్ దగ్గరే దెబ్బ తగిలింది. మీసేవలో తీసుకున్న ఓబీసీ సర్టిఫికెట్ రాష్ట్రానికి సంబంధించినదని, కేంద్ర ప్రభుత్వ నమూనాలో నాన్ క్రీమీలేయర్‌ది కావాలని వెనక్కి పంపారు. తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగేలోపు గడువు దాటిపోయింది. మీ తిరస్కరణ కూడా అందువల్లేనేమో చూసుకోండి.

ముత్తుకూరు మెకానికల్

సుజాత గారూ, నేను జనరల్ కేటగిరీలో దరఖాస్తు చేశానండీ, నాది అనుభవం గురించిన తిరస్కరణే. ఒంగోలు పెద్దాయన గారూ, అసలు కష్టం ఇప్పుడు చెబుతాను. ఆ కాంట్రాక్టరు సంస్థ మూతపడింది. నా దగ్గర నియామక పత్రం, కొన్ని జీతం స్లిప్పులు ఉన్నాయి కానీ రిలీవింగ్ లెటర్ లేదు.

కావలి నుంచి

ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్ నుంచి ఫారం 26ఏఎస్ దించుకోండి. జీతం ఇచ్చినవారి పేరు అందులో ఉంటుంది. అంతకంటే రుజువు ఏం కావాలి?

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

జీతంలో పన్ను కోసి ఉంటేనే ఆ పేరు అందులో కనిపిస్తుంది. అప్పట్లో మీ జీతం ఎంత?

ముత్తుకూరు మెకానికల్

నెలకు 18,000. పన్ను కోయలేదు.

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

ఏడాదికి 2,16,000 అయింది. అప్పటి 2,50,000 పరిమితి లోపలే కాబట్టి 26ఏఎస్ మీకు పనికిరాదు. మీకు అక్కరకొచ్చేది పీఎఫ్ సర్వీస్ హిస్టరీ. అందులో చేరిన తేదీ, మానేసిన తేదీ, సంస్థ పేరు మూడూ ఉంటాయి. మానేసిన తేదీ నమోదైందో లేదో, అది 15-03-2019 అవునో కాదో ముందు చూడండి. దానికి నియామక పత్రం, మొదటి నెల, చివరి నెల జీతం స్లిప్పులు, అవే నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ జతచేయండి. ఇవి రిలీవింగ్ లెటర్‌కు బదులుగా చెల్లుతాయని హామీ ఇవ్వలేను. కొన్ని సంస్థలు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు.

ఇక ఇప్పటి ఉద్యోగం గురించి మీ రెజ్యూమేలో ఏం రాశారో ఒక వాక్యం చూపించండి.

ముత్తుకూరు మెకానికల్

ఇంగ్లీషులో రాసిన దాని సారం ఇది: "వివిధ విభాగాల బృందాలకు నాయకత్వం వహించి ప్లాంటు విశ్వసనీయతలో విశేష ఫలితాలు సాధించాను."

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

ఇందులో థర్మల్ అన్న మాట లేదు, నిర్వహణ అన్న మాట లేదు. ప్రకటనలో అడిగినవి ఆ రెండే. స్క్రూటినీ చేసేవారు ఇంజనీర్లే అయి ఉండాలని లేదు, విశ్వసనీయత అంటే మెయింటెనెన్స్ అని ఊహించుకునే అధికారమూ వారికి లేదు. ఇలా రాసి చూడండి: "10-06-2019 నుంచి నేటి వరకు, బొగ్గు ఆధారిత థర్మల్ విద్యుత్ కేంద్రంలో అసిస్టెంట్ మేనేజర్, బాయిలర్ మెయింటెనెన్స్. కోల్ మిల్లులు, ఐడీ, పీఏ ఫ్యాన్ల ఓవర్‌హాల్, వార్షిక షట్‌డౌన్ పనుల ప్రణాళిక, పర్యవేక్షణ." ఇవే మాటలు మీ హెచ్ఆర్ లెటర్‌హెడ్ మీద ఇచ్చే సర్వీస్ సర్టిఫికెట్‌లో కూడా ఉండాలి. లేకపోతే మీరు రాసుకున్నది మీ మాటగానే మిగిలిపోతుంది. సాధించిన ఫలితాలను తీసేయనక్కర్లేదు, రెండో పేజీకి మార్చండి. బోర్డు వాటి గురించే అడుగుతుంది.

కావలి నుంచి

హెచ్ఆర్‌ను అడిగితే వేరే ఉద్యోగం చూసుకుంటున్నామని తెలిసిపోదా? మా దగ్గర అడిగినవాడికి ఆ ఏడాది ఇంక్రిమెంటు ఆగింది.

ఒంగోలు విశ్రాంత ఉద్యోగి

ఆ భయం నిజమే, దానికి నా దగ్గర మంచి సమాధానం లేదు. ఇప్పటి ఉద్యోగానికి నియామక పత్రం, తాజా జీతం స్లిప్పు చాలని కొన్ని ప్రకటనలు అంటాయి. కానీ వాటిలో హోదా, విభాగం ఉంటాయే తప్ప చేసే పని ఉండదు.

ముత్తుకూరు మెకానికల్

నిన్న రాత్రి పీఎఫ్ పోర్టల్ తెరిచి చూశాను. మానేసిన తేదీ 15-03-2019కి బదులు 28-02-2019 అని ఉంది. ఆ పదిహేను రోజులు తీసేస్తే మొత్తం 7 ఏళ్ళ 9 నెలల 22 రోజులు అవుతుంది. ట్రైనీ ఏడాదిని ఒప్పుకుంటే అది సరిపోతుంది కాబట్టి, రుజువు ఉన్న ఆ తేదీనే అన్నిచోట్లా వేస్తున్నాను. నియామక పత్రంలో "శిక్షణ కాలం" అని కాకుండా "ప్రొబేషన్‌పై గ్రాడ్యుయేట్ ఇంజనీర్ ట్రైనీ" అని ఉంది. దీన్ని లెక్కిస్తారా అని ఆ సంస్థ నియామక విభాగానికి పత్రం నకలు జతచేసి ఈమెయిల్ పంపాను. జవాబు రాగానే ఇక్కడే రాస్తాను.